మాట ముగియకముందే పాట

చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. వర్ణాలు, కృతులు, కాస్త స్వరకల్పన కూడా వచ్చు. బళ్లో తెలుగు చెప్పే ఉద్యోగం కాబట్టి పద్యాలు నోటికి వచ్చు, నలుగురిలో మాట్లాడటం అలవాటే. పాట వచ్చు, మాట వచ్చు, ఇంక హరికథ ఎంతసేపు అనుకుని, నలభై రెండో ఏట మా పక్క ఊళ్లో ఉన్న అమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ యాభై ఏళ్లుగా కథలు చెబుతున్నారు. మాది కోనసీమ. ఇక్కడ ధనుర్మాసంలో, శ్రీరామనవమికి పందిట్లో హరికథ పెట్టించే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

మొదటి రోజు గజేంద్రమోక్షంలో నాకు తోచినంత చెప్పమన్నారు. ఏనుగుల మంద అడవిలో తిరగడం, దాహంతో మడుగులోకి దిగడం, మొసలి పట్టుకోవడం వచనంగా చెప్పి, ఒక పద్యం పాడి, మళ్లీ వచనంలోకి వచ్చాను. అమ్మగారు ఆపమన్నారు. "పద్యం బాగుంది, మాట కూడా బాగుంది. కానీ ఇద్దరు మనుషులు వంతులేసుకుని చెప్పినట్టుందమ్మాయ్. ఆవిడ ఆగాక ఈవిడ, ఈవిడ ఆగాక ఆవిడ. హరికథలో నిలబడేది ఒక్కతే కదా" అన్నారు.

ఆ రెండిటినీ కలిపే అతుకు నేర్చుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. పాట మీద గాని, అభినయం మీద గాని ఇందులో పదో వంతు కష్టపడలేదు. అందుకే ఇక్కడ ఆ అతుకు గురించే చెబుతాను.

మొదట శ్రుతి మార్చారు. సంగీతం నేర్చుకున్నప్పటి నుంచి నేను పాడేది ఐదున్నర శ్రుతికి. అమ్మగారు నాలుగున్నరకి దించేశారు. నా గొంతుకి అందం తగ్గిపోతుందని బాధపడ్డాను. ఆవిడ కారణం చెప్పలేదు. శ్రుతిపెట్టె పెట్టి, పాట లేకుండా అరగంట సేపు ఉత్త వచనమే చెప్పమన్నారు. అప్పుడు నాకే తెలిసింది. మామూలుగా మాట్లాడేటప్పుడు నా గొంతు ఎక్కడెక్కడో తిరుగుతోంది, శ్రుతితో దానికి పనే లేదు. అలా మాట్లాడి మాట్లాడి పాట ఎత్తుకునేసరికి పాటకి ఆధారమైన 'స', అంటే షడ్జం కోసం వెతుక్కోవాలి. ఆ వెతుకులాట ఒక్క క్షణమే, కానీ వినేవాళ్లకి అదే గండి. హార్మోనియం వాయించే ఆయన మెట్టు నొక్కి నాకు దారి చూపించాల్సి వస్తే, అతుకు చెడిందన్నమాటే. మనకి వినపడకపోయినా ఆయన చెయ్యి చూస్తే తెలుస్తుంది.

వచనం చెప్పేటప్పుడు గొంతు మంద్ర పంచమం, అంటే ఆ షడ్జం కన్నా కింద ఉండే 'ప' చుట్టూ తిరగాలని ఆవిడ పద్ధతి. పాడకూడదు, మాటలాగే ఉండాలి. కానీ వాక్యం ఎక్కడ వాలినా ఆ పంచమం మీదో, దాని పక్కనో వాలాలి. పాట దగ్గరపడుతున్న కొద్దీ మాట మెల్లగా పైకి జరిగి, ఆఖరి రెండు మూడు మాటలు షడ్జం మీదికి చేరాలి. పాత శ్రుతిలో ఆ షడ్జం నేను మాట్లాడే గొంతు కన్నా ఎత్తుగా ఉండేది. రెండున్నర గంటలు మాటిమాటికీ అక్కడికి ఎక్కి మాట్లాడితే గొంతు బొంగురుపోతుంది. నాలుగున్నరకి దించితే ఆ చోటు మాటకి దగ్గరకొచ్చింది. శ్రుతి పాట కోసం పెట్టుకుంటారని అంతవరకూ అనుకున్నాను. కథకి మాత్రం మాట కోసం పెట్టుకోవాలి.

రెండు నెలలు ఇదే సాధన. ఇంట్లో కూర తరుగుతూ శ్రుతిపెట్టె పెట్టుకుని పేపరు చదివేదాన్ని. వార్తలు కూడా పంచమం మీద వాలేవి. శ్రుతి కుదిరింది, అయినా ఇద్దరు మనుషులు ఒక్కరు కాలేదు.

మిగతా సగం మా మావయ్య దగ్గర దొరికింది. మావయ్య వయసులో ఉండగా బుర్రకథ దళంలో హాస్యం వంత. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వేసుకుని ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. షేక్ నాజర్ గారిని ఆదర్శంగా పెట్టుకున్న తరం వాళ్లది. నాజర్ గారిది గుంటూరు దగ్గర పొన్నెకల్లు. ప్రజానాట్యమండలిలో బెంగాల్ కరువు మొదలుకొని అల్లూరి సీతారామరాజు, పల్నాటి యుద్ధం దాకా చెప్పినాయన. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పేరు ఎత్తితే మావయ్య ఇప్పటికీ కూర్చున్నవాడు లేచి నిలబడతాడు.

నా గోడు విని మావయ్య అడిగాడు, "వంత పనేంటో నీకు తెలుసుటే?"

జనాన్ని నవ్వించడం, కథకుడికి ఊపిరి పీల్చుకునే టైమివ్వడం అన్నాను.

"ఊపిరి సంగతి సరే. కథకుడు 'అప్పుడా రాజు ఏమన్నాడయ్యా అంటే' అంటాడు. అని ఆగుతాడు. నేను 'ఏమన్నాడు?' అంటాను. నేనడిగాక వాడు మాటతో చెప్పడు, పాటతో చెప్తాడు. ఆ అడగడమే నా పని."

పెరట్లో నిలబడి బొబ్బిలి కథలోది చిన్న ముక్క చేసి చూపించాడు. గుమ్మెట లేదు, స్టీలు బిందె బోర్లించుకున్నాడు. కథకుడి వచనం నన్ను చెప్పమన్నాడు. నేను "కోట చుట్టూ ఫ్రెంచివాళ్లు చేరారు" అన్నాను. మావయ్య నోరు మెదపలేదు. మళ్లీ చెప్పాను. మళ్లీ మౌనం. "నువ్వు చెప్పెయ్యడం అయిపోయింది కదే, నేనేం అడగను? 'చేరేసరికి' అను" అన్నాడు. "కోట చుట్టూ ఫ్రెంచివాళ్లు చేరేసరికి" అన్నాను. "చేరేసరికీ?" అని బిందె మీద దరువేశాడు. ఆ దరువులోకి పాట దానంతటదే వచ్చింది.

బుర్రకథలో కథకుడు ఒక చరణం అంటాడు, వంతలు "తందాన తాన" అంటారు. అది ఉత్త వంతపాట అనుకునేదాన్ని. కానీ తాళం ఎప్పుడూ తెగకుండా పట్టుకునేది వాళ్లే. కథకుడు పాట ఆపి వచనంలోకి వచ్చినా గుమ్మెట చిన్నగా నడుస్తూనే ఉంటుంది, ఆయన అడుగు ముందుకీ వెనక్కీ ఆ నడక మీదే పడుతుంది. అందుకే మళ్లీ పాటలోకి వెళ్లడానికి ఆయన కొత్తగా బయల్దేరక్కర్లేదు, నడుస్తున్న బండి ఎక్కినట్టు ఎక్కేస్తాడు. ముగ్గురు కలిసి చేసే ఈ పని హరికథలో ఒక్కరే చెయ్యాలి. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు ఉన్నది అందుకేనని నాకు ఆ పెరట్లో తెలిసింది. "ఏమన్నాడు?" అని అడిగే వంత కూడా హరిదాసు లోపలే ఉండాలి.

ఈ మాట అమ్మగారికి చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది. "మీ మావయ్య చెప్పింది మనకి పోతన్నగారే చెప్పారు, చూడు" అని రెండు పద్యాలు వరసగా చదవమన్నారు. "అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దాపల" అని మొదలయ్యేది, దాని వెనకే "సిరికిం జెప్పడు". బళ్లో ఎన్నోసార్లు చెప్పిన పద్యాలే. ఇంతకాలం విడివిడిగా చెప్పి, విడివిడిగా మార్కులు వేశాను. మొదటి పద్యం ఎలా ముగుస్తుందో చూడమన్నారు. "గుయ్యాలించి సంరంభియై" అని ముగుస్తుంది. ఆలించి, ఐ. రెండూ అసమాపక క్రియలే. పద్యం అయిపోయింది గాని వాక్యం అవలేదు. మొర విని, తొందరపడినవాడై… ఏం చేశాడు? ఆ జవాబు తర్వాతి పద్యంలో ఉంది, సిరికిం జెప్పడు. లక్ష్మీదేవికి చెప్పడు, చేతుల్లోకి శంఖచక్రాలు తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెవిమీదికి జారిన జుట్టు సర్దుకోడు, చేతిలో ఉన్న అమ్మవారి కొంగు కూడా వదలడు.

"వాక్యం పూర్తిచేస్తే జనం వెనక్కి ఆనుకుంటారు. అసమాపక క్రియ దగ్గర ఆపితే ముందుకి వంగుతారు. వాళ్లు ముందుకి వంగినప్పుడు పాట ఎత్తుకో" అన్నారు అమ్మగారు.

నేను బళ్లో అసమాపక క్రియ పాఠం ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. అది ఇలా పనికొస్తుందని ఒక్కనాడూ తట్టలేదు.

అప్పటినుంచి కథ మొత్తం మళ్లీ రాసుకున్నాను. నోటు పుస్తకంలో వచనం నల్ల సిరాతో, పాట, పద్యం ఎర్ర సిరాతో. నలుపు నుంచి ఎరుపుకి మారే చోటల్లా ఆఖరి మాట కింద గీత. మొదటి ప్రతిలో అలాంటి చోట్లు ఇరవై ఒకటి ఉంటే, పదహారు చోట్ల వాక్యం పూర్తయిపోయి ఉంది. "మొసలి పట్టుకుంది", "ఏనుగు అలసిపోయింది", "విష్ణువుకి మొర వినపడింది". ఇంకో తప్పు కూడా బయటపడింది. వచనంలో ఏం చెప్పానో పద్యంలో మళ్లీ అదే వస్తోంది. బలం లేదు, ధైర్యం పోయింది, మూర్ఛ వస్తోందని వచనంలో వివరంగా చెప్పి, వెంటనే "లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె" పాడుతున్నాను. అర్థం ముందే చెప్పేస్తే పద్యానికి చెయ్యడానికేం మిగలదు. పద్యం అర్థం కాదేమోనన్న భయం టీచరుకి ఉంటుంది, అది నన్ను వదల్లేదు. అమ్మగారు దానికి ఉపాయం చెప్పారు. కష్టమైన మాట ఏదైనా ఉంటే దాన్ని ముందుగానే, వేరే సందర్భంలో, వచనంలో ఒకసారి వాడెయ్యాలి. ఏనుగు మడుగులోకి దిగేటప్పుడే "దాని లావు ముందు కొండలెంత" అనేస్తే, తర్వాత "లావొక్కింతయు లేదు" అనగానే లావంటే బలమని వెనక వరసలో ముసలమ్మకి కూడా తెలుస్తుంది.

మొసలి పట్టు దగ్గర్నుంచి విష్ణువు రాక దాకా చివరికి ఎలా కుదిరిందో చెబుతాను. హరికథలో మాటకీ పాటకీ మధ్య పద్యం ఉంది. మాటకి రాగం లేదు, తాళం లేదు. పద్యానికి రాగం ఉంది, తాళం అక్కర్లేదు. కీర్తనకి రెండూ ఉన్నాయి. మాట నుంచి నేరుగా కీర్తనలోకి దూకితే ఎత్తు ఎక్కువ, మధ్యలో పద్యం మెట్టులా ఉంటుంది. అయితే ఈ కథలో మొదట వచ్చేది తాళం అడిగే పద్యమే.

"కరి దిగుచు మకరి సరసికి, గరి దరికిని మకరి దిగుచు గరకరి బెరయన్". ఏనుగుని మొసలి మడుగులోకి లాగుతుంది, మొసలిని ఏనుగు ఒడ్డుకి లాగుతుంది. ఇది కందం. కందంలో మొదటి పాదానికి మూడు గణాలు, రెండో పాదానికి ఐదు, ఒక్కో గణం నాలుగు మాత్రలు. మూడూ ఐదూ ఎనిమిది. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు. సగం పద్యం సరిగ్గా తాళం ఒక చుట్టులో, అంటే ఒక ఆవర్తనంలో కూర్చుంటుంది, ఒక్క మాత్ర మిగలదు, తగ్గదు. ఒక్కో గణం మొదట ఒక చిడత దెబ్బ. అప్పుడు రెండో దెబ్బ "దిగుచు" అన్న మాట మధ్యలో, "చు" మీద పడుతుంది. మాట ఒకవైపు లాగితే తాళం ఇంకోవైపు లాగుతుంది. ఏనుగూ మొసలీ చేసే పనే అది! దీన్ని మాట విరిగినట్టు వినపడకుండా చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. మొదట్లో "దిగు, చు" అని ముక్కలయ్యేది. దెబ్బ చిడతకి వదిలేసి, గొంతులో ఊనిక ఇవ్వకూడదని తర్వాత అర్థమైంది.

దాని తర్వాత మూడు నిమిషాల వచనం. పోరు ఏళ్ల తరబడి సాగింది, మొసలికి నీళ్లలో బలం పెరుగుతోంది, ఏనుగుకి తగ్గుతోంది. గొంతు పంచమం దగ్గర. మృదంగం లేదు, గజ్జె కూడా కదపను. "ఎవరూ రాలేదు. భార్యలు ఒడ్డునే నిలబడి చూస్తున్నారు. అప్పుడు తల పైకెత్తి, తొండం పైకెత్తి…" ఎత్తి, అసమాపకం. అక్కడ ముఖారి రాగంలో "లావొక్కింతయు లేదు".

ఈ పద్యంలో పాదం చివర ఆగితే చెడుతుంది. మొదటి పాదం "ప్రాణంబులున్" దగ్గర అయిపోతుంది, కానీ ప్రాణాలు ఏమయ్యాయో చెప్పే "ఠావుల్ దప్పెను" రెండో పాదంలో ఉంది. నేను ఎప్పుడూ పాదం చివరే రాగం సాగదీసేదాన్ని. అమ్మగారు వాక్యం దగ్గరే ఊపిరి తీసుకోమన్నారు. లావొక్కింతయు లేదు. ధైర్యము విలోలంబయ్యె. ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను. మూర్ఛ వచ్చె. తనువున్ డస్సెన్. అన్నీ పొట్టి వాక్యాలు. అలా పాడితే అలసిపోయిన ప్రాణి ఆయాసంతో మాట్లాడినట్టే ఉంటుంది. రాగంలో ఉన్నా అది మాటే. "రావే ఈశ్వర" దగ్గర మాత్రం గొంతు తారషడ్జానికి వెళ్లి, అక్కడ నిలబడుతుంది. తర్వాత "అల వైకుంఠపురంబులో", దాని చివరి "సంరంభియై" నుంచే "సిరికిం జెప్పడు" పద్యం మొదలవుతుంది. అఠాణా రాగం, ఒక్కొక్క "డు" మీద ఒక చిడత దెబ్బ. ఆరు "డు"లు, ఆరు దెబ్బలు. ఆరోది "వీడడు". అక్కడి నుంచి మృదంగం అందుకుని, గజ్జెలతో ఒక చుట్టు తిరిగి కీర్తన.

ముక్కోటి ఏకాదశి నాడు మా ఊరి గుళ్లో మొదటి కథ. ఎప్పుడూ నాతో సాధన చేసే మృదంగం మాస్టారికి జ్వరం వచ్చి, సాయంత్రం ఐదింటికి వేరే ఆయన వచ్చారు. మంచి విద్వాంసులు, కానీ ఈ కథ వాయించలేదు. టెన్షన్ తో నాకు చేతులు చల్లబడ్డాయి. అమ్మగారు నా మెళ్లో పూలదండ వేసి, "శ్రీమద్రమారమణ గోవిందో హరి" అని గట్టిగా అందుకో, జనం "గోవిందా" అన్నప్పుడు వాళ్ల శ్రుతి విను, అన్నారు. నిజంగానే మూడు వందల మంది దాదాపు నా షడ్జం మీదే అన్నారు. కాస్త ధైర్యం వచ్చింది.

మొదటి అరగంట బాగానే నడిచింది. కందం దగ్గరికి వచ్చేసరికి, పద్నాలుగు నెలలు దిద్దుకున్న తప్పే మళ్లీ చేశాను. "మడుగులోంచి మొసలి వచ్చి, గజేంద్రుడి కాలు పట్టుకుంది" అన్నాను. అనాల్సింది "పట్టుకుని". ఒక్క అక్షరం తేడా. కొత్త మాస్టారు వాక్యం ముగిసింది కదా అని చక్కగా ముక్తాయింపు వాయించేశారు. ఆయన తప్పేం లేదు, నేను ముగించానని ఆయన నమ్మారు. ముక్తాయింపు వినగానే జనం కూడా ఆ ఘట్టం అయిపోయిందనుకున్నారు. ముందు వరసలో పిల్లలు లేచారు, ఆడవాళ్లు పక్కకి తిరిగి మాటల్లో పడ్డారు. నేను చిడతలు ఎత్తి, ఎక్కడ వెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయాను.

మూసేసిన వాక్యాన్ని మళ్లీ తెరవాలి. ఇంకో దారి లేదు. "పట్టుకుందా?" అన్నాను. అది ప్రశ్న కాబట్టి గొంతు దానంతటదే పైకి వెళ్లింది. "పట్టుకుని ఊరుకుందా?"

"ఊరుకోలేదు!" అని వెనక స్తంభం దగ్గర్నుంచి కేక. మా మావయ్య. నలభై ఏళ్ల కిందటి వంత గొంతు, మైకు లేకపోయినా గుడంతా వినపడింది. జనం నవ్వారు, ఇటు తిరిగారు. "ఊరుకోకుండా ఏం చేసింది?" ఈసారి మావయ్యే అడిగాడు. నేను గజ్జె కాలితో నాలుగు దెబ్బలు వేశాను. మాస్టారు తల ఊపి ఐదో దెబ్బకి కలిశారు. ఒక ఆవర్తనం ఆయన్ని నడవనిచ్చి, "కరి దిగుచు" ఎత్తుకున్నాను. లేచిన పిల్లలు నిలబడే ఉన్నారు, కానీ ఇటే చూస్తున్నారు.

కథ రెండు గంటల పది నిమిషాలు నడిచి, మంగళంతో ముగిసింది. మా అబ్బాయి ఫోన్లో రికార్డు చేశాడు. మర్నాడు అమ్మగారితో కూర్చుని, నోటు పుస్తకం ముందు పెట్టుకుని విన్నాను. ఇరవై ఒక్క అతుకుల్లో పన్నెండు కుదిరాయి. నాలుగు చోట్ల వాక్యం ముగించేశాను. మూడు చోట్ల శ్రుతి జారి హార్మోనియం ఆయన నన్ను పట్టుకున్నారు. మిగతా రెండూ పిట్టకథల దగ్గర. పిట్టకథలోకి వెళ్లడం సులువే, "ఇలాగే వెనకటికి ఒకాయన" అంటే చాలు. తిరిగి అసలు కథలోకి రావడం నాకింకా చేతకావడం లేదు. జనం నవ్వుతూ ఉంటారు, గొంతు నవ్వులో ఎక్కడికో పోయి ఉంటుంది, అక్కడి నుంచి ఏనుగు బాధలోకి రావాలి. అమ్మగారు పిట్టకథ చివర్న నవ్వు తగ్గేదాకా ఆగరు. నవ్వు ఇంకా ఉండగానే, దాని కింద మెల్లగా గజ్జె మొదలుపెడతారు. నేను అదే ప్రయత్నిస్తే నా గజ్జె నవ్వులో మునిగిపోయి మాస్టారికి వినపడలేదు. కాలు ఇంకా గట్టిగా వెయ్యాలా, ఇంకాస్త ఆగి వెయ్యాలా అన్నది ఇప్పుడు చూస్తున్నాం. ఒక పిట్టకథని పట్టుకుని వారం రోజులుగా దాని ఆఖరి వాక్యం ఒక్కటే చెబుతున్నాను. మావయ్య రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, నవ్వే జనం పని చేస్తున్నాడు.